బిడ్డ చెవిలో చెప్పే పేరు



బారసాలలో పుణ్యాహవాచనం అయిపోతుంది. పళ్ళెంలో పోసిన బియ్యం మీద తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు. తల్లి ఒళ్ళో ఉన్న బిడ్డ కుడి చెవిలో ఆ పేరు మూడుసార్లు చెబుతారు. బిడ్డను ఉయ్యాలలో వేసి ముత్తయిదువలు పాటలు పాడతారు. ఆ తరువాత మా వైపు చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళని చూసి "మీరో నాలుగు మాటలు చెప్పండి" అని అడుగుతారు. అడిగించుకున్నవాళ్ళు నూరేళ్ళు వర్ధిల్లమని అక్షింతలు వేసి కూర్చుంటారు. దీవెన మంచిదే. కానీ ఆ నాలుగు మాటలకీ అక్కడ ఒక పని ఉంది. ఈ బిడ్డకి ఈ పేరే ఎందుకు పెట్టారో పదిమందిలో చెప్పాలి. దేవుడి పేరు పెట్టిన ఇంట్లో అయితే మరీ చెప్పాలి. ఎందుకంటే ఆ కారణం సాధారణంగా ఇంట్లో ఒక్కరికో ఇద్దరికో తెలిసి ఉంటుంది. వాళ్ళు పోయాక పేరు మిగులుతుంది, కారణం మిగలదు.

ఇలా పేరుకి కారణం చెప్పడం మన పురాణాల్లో ఉన్నదే. భాగవతం దశమ స్కంధంలో గర్గాచార్యులు నందుడి ఇంటికి వస్తాడు. ఆయన యాదవుల పురోహితుడు. తాను వచ్చి పిల్లలకి సంస్కారం చేశాడని తెలిస్తే కంసుడికి అనుమానం వస్తుందని ఆయన భయం. అందుకని మేళతాళాలు లేకుండా, బంధువులకి కూడా తెలియకుండా, మంద మధ్యన గుట్టుగా నామకరణం జరుగుతుంది. అంత గుట్టుగా జరిగినప్పుడు కూడా గర్గుడు పేర్లు చెప్పేసి లేచి వెళ్ళిపోడు. ఒక్కొక్క పేరు ఎందుకో నందుడికి విప్పి చెబుతాడు. రోహిణి కొడుకు తనవాళ్ళని సంతోషపెడతాడు కనుక రాముడు, బలం ఎక్కువ కనుక బలుడు, యాదవులని విడిపోకుండా కలిపి ఉంచుతాడు కనుక సంకర్షణుడు. రెండో పిల్లవాడు యుగానికో రంగు ధరించినవాడు, ఇప్పుడు నలుపు ధరించాడు కనుక కృష్ణుడు. ఒకప్పుడు వసుదేవుడికి పుట్టినవాడు కనుక వాసుదేవుడు. చివరికి, వీణ్ణి జాగ్రత్తగా కాపాడుకోమని తండ్రికి చెప్పి వెళతాడు. బారసాలలో మాట్లాడవలసినవాళ్ళకి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి నమూనా లేదు. పేరు, దాని కారణం, తల్లిదండ్రులు చేయవలసిన పని. అంతే.

ఇప్పుడు మన కాలపు ఇల్లు ఒకటి తీసుకుందాం. విజయనగరం జిల్లాలో ఒక పల్లె అనుకోండి. కొడుకూ కోడలూ బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి కార్తీక శుద్ధ విదియనాడు మగబిడ్డ పుట్టాడు. నక్షత్రం అనూరాధ, రెండో పాదం. పురుడు వెళ్ళాక ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నారు. చాంద్రమానంలో అదింకా కార్తీకమే. పేరు మాట మొదలయ్యేసరికి ఆ ఇంట్లో నాలుగు దిక్కుల నుంచి నాలుగు పేర్లు వచ్చాయి.

మొదటిది నెలని బట్టి వచ్చే పేరు. ఆచమనంలో చెప్పుకునే కేశవ నామాల్లో మొదటి పన్నెండింటినీ మార్గశిరంతో మొదలుపెట్టి పన్నెండు నెలలకీ పంచారు. మార్గశిరానికి కేశవుడు, పుష్యానికి నారాయణుడు, అలా వరసగా వస్తే కార్తీకానికి దామోదరుడు. కార్తీకంలో దామోదరుణ్ణి కొలిచే అలవాటు ఎలాగూ ఉంది. అందుకని ఈ బిడ్డకి మాసనామం దామోదరుడు. దీనిలో ఎవరి ఇష్టానికీ చోటు లేదు. పుట్టిన నెలే ఇస్తుంది.

రెండోది నక్షత్రం పేరు. ఇరవై ఏడు నక్షత్రాలకి నాలుగేసి పాదాలు, మొత్తం 108 పాదాలు, పాదానికో అక్షరం. అనూరాధకి నా, నీ, నూ, నే అన్నవి అక్షరాలు. రెండో పాదం కనుక 'నీ'. ఇక్కడే ఈ కాలపు తల్లిదండ్రులు చిక్కుల్లో పడుతున్నారు. అక్షరం దొరకగానే ఫోన్లో జాబితాలు వెతుకుతారు. ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లు వందలు కనిపిస్తాయి, ప్రతి పేరు పక్కనా 'దైవాంశ', 'దివ్యకాంతి' అంటూ ఒక అర్థం రాసి ఉంటుంది. అందులో చాలా పేర్లు ఏ భాషలోనూ మాటలు కావు. వినడానికి ఇంపుగా ఉన్న రెండు మూడు అక్షరాలు కూర్చి, దానికి అర్థం తగిలించినవి. ఈ సంగతి పట్టుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. ఆ మాట ఏ స్తోత్రంలోనైనా, ఏ కావ్యంలోనైనా వచ్చిందా అని పురోహితుణ్ణో తెలుగు పంతులుగారినో అడగండి. శబ్దరత్నాకరమో సూర్యరాయాంధ్ర నిఘంటువో తెరిచి చూడండి. ఎక్కడా లేకపోతే ఆ అర్థం కూడా లేదన్నమాటే. దేవుడి పేరు అనుకుని పెట్టుకున్నది తీరా దేవుడికి సంబంధం లేని చప్పుడైతే ఆ తల్లిదండ్రులు బాధపడతారు. అలా బాధపడినవాళ్ళని చూశాను.

కొన్ని పాదాలకి వచ్చే అక్షరాలతో పేరు దొరకడమే కష్టం. ఆరుద్రలో 'ఙ' ఉంది, హస్తలో 'ణా', 'ఠా' ఉన్నాయి. పాత పద్ధతి తెలిసిన పురోహితులు దీనికి కంగారు పడరు. నక్షత్రం పేరు జన్మనామంగా బియ్యం మీద రాసి, చెవిలో చెప్పి ఊరుకుంటారు. పిలిచే పేరు ఆ అక్షరంతోనే మొదలవాలన్న పట్టింపు పెట్టరు. మన బిడ్డకి 'నీ' అక్షరంతో నీలకంఠుడు ఉన్నాడు కనుక జన్మనామానికి ఇబ్బంది లేదు. నెల విష్ణువుని ఇచ్చింది, నక్షత్రం శివుణ్ణి ఇచ్చింది. ఒకే పళ్ళెంలో ఇద్దరూ పక్కపక్కన ఉండడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

మూడోది తాతగారి పేరు. ఆయన కాలం చేసి కొన్నేళ్ళయింది, పేరు అప్పలస్వామి. మనవడికి తాత పేరు పెట్టడం ఈనాటిది కాదు. పతంజలి మహాభాష్యం మొదట్లో వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ, పుట్టిన కొడుక్కి పేరు పెట్టే పద్ధతిని యాజ్ఞికుల మాటగా ప్రస్తావిస్తాడు. తండ్రికి పై మూడు తరాల పెద్దల్ని అనుసరించిన పేరు ఉండాలన్నది అందులో ఒక నియమం. అంటే రెండు వేల ఏళ్ళ కిందటే ఇది పాత ఆచారం.

నాలుగోది నాయనమ్మది. ఆవిడ పేరు చెప్పలేదు, మొక్కు చెప్పింది. పిల్లలు లేక కొడుకూ కోడలూ దిగులు పడుతున్న రోజుల్లో ఆవిడ వాళ్ళని సింహాచలం తీసుకువెళ్ళింది. అక్కడ గుడి ముఖమండపంలో కప్పస్తంభం ఉంది. దాన్ని కౌగిలించుకుని కోరుకుంటే సంతానం కలుగుతుందని ఉత్తరాంధ్రలో తరతరాల నమ్మకం. దంపతులిద్దరూ కౌగిలించుకున్నారు. బిడ్డ పుడితే నీ పేరే పెట్టుకుంటామని పెద్దావిడ మనసులో అనుకుంది. ఆ మాట అప్పటిదాకా కోడలికి కూడా తెలియదు.

మొక్కు పేర్లంటే ఏమిటో తెలియాలంటే ఉత్తరాంధ్రలో ఏ బడి హాజరుపట్టీ అయినా తెరిచి చూస్తే చాలు. సింహాచలం, సింహాద్రి, అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ. సింహాచలం అన్న పేరు మగపిల్లలకీ ఉంటుంది, ఆడపిల్లలకీ ఉంటుంది. విజయనగరం చుట్టుపక్కల పైడితల్లి అమ్మవారి వల్ల పైడిరాజులు, పైడమ్మలు. అనకాపల్లి దగ్గర నూకాలమ్మ వల్ల నూకరాజులు, నూకరత్నాలు. అన్నవరం వల్ల సత్యనారాయణలు. నెల్లూరు వైపు పెంచలకోన నరసింహుడి వల్ల పెంచలయ్యలు, పెంచలమ్మలు. తెలంగాణలో యాదగిరులు, కొమురెల్లి మల్లన్న వల్ల కొమురయ్యలు, వేములవాడ రాజన్న వల్ల రాజయ్యలు, రాజవ్వలు, మేడారం తల్లుల వల్ల సమ్మయ్యలు, సమ్మక్కలు. గుంటూరులో మస్తాన్ వలీ దర్గాకి మొక్కుకుని పుట్టిన హిందువుల పిల్లలు మస్తానయ్యలు, మస్తానమ్మలు అయ్యారు. ఆ పేరు పెట్టేటప్పుడు ఆ తల్లిదండ్రులు మతం చూడలేదు, బిడ్డని ఎవరిచ్చారో చూశారు. మనిషి పేరు వినగానే వాళ్ళ అమ్మమ్మ ఏ కొండ ఎక్కిందో, ఏ గుడి ముందు కొంగు పట్టిందో తెలిసిపోయే దేశం ఇది. ఈ పేర్లు మోటుగా ఉన్నాయని సిగ్గుపడేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఒక్కొక్క పేరు వెనకా ఎన్నేళ్ళు ఎదురుచూసిన ఆడమనిషి ఉందో ఎవరికి తెలుసు?

సరే, ఇంట్లో చర్చ మొదలైంది. కోడలు బాగా చదువుకున్న పిల్ల, పెద్దలంటే గౌరవం ఉన్న పిల్ల. ఆమె ఒక మంచి ప్రశ్న వేసింది. "అత్తయ్యా, దేవుడి పేరు పెట్టి, రేపు వాడు అల్లరి చేస్తే ఆ పేరుతోనే తిట్టాలా? దేవుడి పేరు దేవుడికే ఉంచేసి, మనం ఇంకేదైనా మంచి అర్థం ఉన్న పేరు పెట్టుకోకూడదా?"

ఈ సందేహం చాలా పాతది. పూర్వులకీ వచ్చింది. తెలుగునాట కృష్ణయజుర్వేదం వాళ్ళు ఎక్కువగా అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం చూస్తే, పేరు ఎలా ఉండాలన్న చోట ప్రధానంగా అక్షరాల లెక్కా, ధ్వనీ కనిపిస్తాయి. మగపిల్లవాడి పేరుకి రెండో నాలుగో అక్షరాలు ఉండాలి, ఆడపిల్ల పేరుకి బేసి అక్షరాలు ఉండాలి, లేదంటే 'సు' అన్న ఉపసర్గ ఉన్న పేరైనా గట్టిగా నిలుస్తుంది, ఈ తీరుగా. ఇంకో శాఖవాళ్ళ మానవ గృహ్యసూత్రం, పేరు దేవతని ఆశ్రయించి ఉండవచ్చునంటూనే, దేవుడి పేరుని నేరుగా పెట్టకూడదని కట్టడి చేసింది. అంటే విష్ణువు ఇచ్చినవాడు అని పెట్టవచ్చు, విష్ణువు అని పెట్టకూడదు. కోడలి సంకోచం సరిగ్గా ఇదే. మన ప్రసాదులు, దాసులు, దత్తులు ఆ పాత మర్యాద దాటని పేర్లు. దుర్గాప్రసాదు అంటే దుర్గ అనుగ్రహించిన వాడే కానీ దుర్గ కాదు కదా.

మరి ఆ కట్టడి దాటి ఇన్ని లక్షల మంది నారాయణలు, వెంకటేశ్వర్లు, లక్ష్ములు, పార్వతులు ఎలా వచ్చారు? భక్తి వచ్చి దాటించింది. దేవుణ్ణి దూరంగా నిలబెట్టి గౌరవించడం కన్నా, ఇంట్లో మనిషిలా పదేపదే పిలవడం మేలని భక్తులు నమ్మారు. ఆ నమ్మకానికి పెద్ద ఆధారం అజామిళుడి కథ. అది భాగవతం ఆరో స్కంధంలో ఉంది. తెలుగులో ఆ స్కంధాన్ని రాసింది పోతన కాదు, ఏర్చూరి సింగన.

అజామిళుడు కన్యాకుబ్జంలో బ్రాహ్మణుడు. ఆచారం విడిచి, దొంగతనాలతో, జూదంతో సంసారం ఈదినవాడు. ఎనభై ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. పదిమంది కొడుకులు. కడసారివాడి పేరు నారాయణుడు. ముసలితనంలో ఆ పిల్లవాడే లోకమైపోయాడు. తాను తింటూ వాడికి తినిపిస్తాడు, తాను తాగుతూ వాడికి తాగిస్తాడు. ప్రాణం పోయే వేళ యమభటులు కనిపించేసరికి హడలిపోయి, ఎక్కడో దూరంగా ఆడుకుంటున్న కొడుకుని గట్టిగా పేరు పెట్టి కేకేశాడు. ఆ కేకకి విష్ణుదూతలు వచ్చి యమభటులకి అడ్డం నిలబడ్డారు. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పేరు పలికాడు, వైకుంఠం వచ్చింది అంటారు. కానీ కథ అలా లేదు. అజామిళుడు ఆ రోజు చచ్చిపోడు. భటులు వెళ్ళిపోతారు. అతను బతుకుతాడు. ఇరువైపుల దూతలూ ధర్మం గురించి వాదించుకున్నదంతా వింటాడు, తాను బతికిన బతుకు తలుచుకుని కుమిలిపోతాడు, అన్నీ విడిచి గంగాద్వారానికి వెళ్ళి తపస్సులో కూర్చుంటాడు. ఆ తరువాతే అతనికి ఉత్తమగతి. పేరు అతనికి ఇంకొంచెం సమయాన్నీ, వెనక్కి తిరిగి చూసుకునే అవకాశాన్నీ ఇచ్చింది. మిగిలినది అతను చేసుకున్నాడు. కాబట్టి దేవుడి పేరు పెట్టాం, ఇక పిల్లవాడు తనంతట తానే సద్బుద్ధిమంతుడవుతాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ కథలో నారాయణుడన్న పేరు ఉన్న పిల్లవాడు ఏమయ్యాడో మనకి తెలియదు. మేలు జరిగింది పిలిచిన తండ్రికి. కోడలి ప్రశ్నకి నా జవాబు ఇదే. పేరు బిడ్డకి పెడతాం, కానీ రోజూ దాన్ని నోటితో అనేది మనం. అన్నం తినమని, చదువుకోమని, రోడ్డు మీదికి పోవద్దని, విసుగులోనూ ముద్దులోనూ ఆ పేరు అంటూనే ఉంటాం. ప్రత్యేకంగా కూర్చుని జపం చేసే తీరిక లేని ఇంట్లో కూడా భగవంతుడి మాట వినిపిస్తూ ఉండాలని పెద్దలు ఈ ఏర్పాటు చేశారు.

బిడ్డ పేరులో దేవుణ్ణి తలుచుకునే ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. ముస్లింల ఇళ్ళలో బిడ్డ పుట్టగానే కుడి చెవిలో అజాన్ చెబుతారు. ఏడో రోజు అఖీఖా చేసి పేరు పెట్టుకునే ఆచారం ఉంది. అబ్దుల్ రహమాన్ అంటే ఆ కరుణామయుడి దాసుడు. సంప్రదాయం బాగా తెలిసినవాళ్ళు అందులో అబ్దుల్ తీసేసి పిలవరు. దేవుడికి చెందిన పేరు మనిషికి నేరుగా పెట్టినట్టవుతుందని వాళ్ళ జాగ్రత్త. మన మానవ గృహ్యసూత్రం చూపిన జాగ్రత్తే అక్కడా ఉంది చూడండి. మన క్రైస్తవుల ఇళ్ళలో దేవదానం, ఏసుదాసు, కృపమ్మ, సువార్తమ్మ అన్న పేర్లు ఎంత తెలుగైనవో అంత ప్రార్థనతో నిండినవి.

దేవుడి పేరు పెట్టాక దాన్ని పిలవకపోతే ఏమవుతుంది? ఇప్పుడు చాలా ఇళ్ళలో జరుగుతున్నది అదే. బియ్యం మీద రాసిన పేరు ఆ పూటే మరిచిపోతారు, ఇంట్లో చిన్నూ, బన్నీ అని పిలుస్తారు. అసలు పేరు బడిలో టీచరు మాత్రమే అంటుంది. ముద్దుపేరు వద్దని నేను అనను. ముద్దుపేరు కూడా దేవుడిదే కావచ్చు. తిరువారూరులో పుట్టిన సంగీత త్రిమూర్తుల్ని చూడండి. త్యాగరాజు 1767లో పుట్టాడు, ఆ ఊరి దేవుడి పేరే ఆయన పేరు. శివుడి పేరు మోస్తూ జీవితమంతా రాముణ్ణి పాడాడు. ముత్తుస్వామి దీక్షితులు 1775లో పుట్టాడు. సంతానం కోసం తండ్రి వైదీశ్వరన్ కోయిల్‌లో ముత్తుకుమారస్వామిని వేడుకుంటే పుట్టాడని ఆ పేరు. ఆయన కృతుల్లో గురుగుహ అన్న ముద్ర కూడా ఆ సుబ్రహ్మణ్యుడిదే. ముగ్గురిలోకీ పెద్దవాడు శ్యామశాస్త్రి, 1762. ఆయనకి పెట్టిన పేరు వెంకటసుబ్రహ్మణ్యం. ఇంట్లో ముద్దుగా పిలిచింది శ్యామకృష్ణ. లోకంలో నిలిచింది ఆ ముద్దుపేరే, కృతుల్లో ముద్ర అయింది కూడా అదే. వెంకటసుబ్రహ్మణ్యం అన్నా శ్యామకృష్ణ అన్నా పిలిచినవాళ్ళకి లోటు లేదు.

మరో చిక్కు ఉంది. అత్తమామల పేరు కోడలు నోటితో అనకూడదని మన ఇళ్ళలో మర్యాద. తాత పేరు యథాతథంగా మనవడికి పెడితే తల్లి వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు. 'తాతా', 'నాయనా' అంటుంది, లేదా ఏదో ముద్దుపేరుతో సరిపెడుతుంది. రోజులో అందరికన్నా ఎక్కువసార్లు బిడ్డని పిలిచేది తల్లి. ఆమె పలకలేని పేరు పెట్టి ప్రయోజనం ఏముంది? పేరు ఖాయం చేసే ముందు, ఇది తల్లి నోటికి వస్తుందా అని చూడాలి. ఈ మాట మగవాళ్ళకి తోచదు.

విదేశాలకి వెళ్ళిన మనవాళ్ళది ఇంకో రకం ఇబ్బంది. మొక్కు కోసం పేరు ముందు వెంకట, నాగ, సాయి, వీర, సత్య అని చేరుస్తాం. పాస్‌పోర్టులో మొదట వచ్చిన మాటనే అక్కడివాళ్ళు పిలిచే పేరు అనుకుంటారు. ఒకే ఆఫీసులో నలుగురు వెంకటలు తయారవుతారు. ఇంటి పేరు ఎక్కడ, మొక్కు పేరు ఎక్కడ, పిలిచే పేరు ఎక్కడ అన్నది కాగితం మీద మొదటిరోజే తేల్చుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక మన విజయనగరం ఇంటికి వద్దాం. ఆ నాలుగు మాటలు నన్ను చెప్పమంటే, ఇలా చెబుతాను.

"అమ్మా, నాయనా, ఈ బాబు చెవిలో ఇప్పుడు మూడు పేర్లు చెప్పాం. ఎందుకో ఇక్కడున్న పిల్లలు కూడా వినాలి, రేపు వీడికి చెప్పవలసింది వాళ్ళే. కార్తీకంలో పుట్టాడు కనుక దామోదరుడు. అనూరాధ రెండో పాదం కనుక నీలకంఠుడు. ఈ రెండూ పూజలో, సంకల్పంలో చెప్పుకోవడానికి. మనం పిలిచే పేరు సింహాద్రి. ఈ పేరు పుస్తకంలో వెతికి తెచ్చింది కాదు. వీళ్ళ నాయనమ్మ కప్పస్తంభం దగ్గర ఇచ్చిన మాట ఇది. ఆవిడ ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, బిడ్డ పుడతాడో లేదో తెలియదు కనుక. ఇవాళ అందరి ముందూ చెప్పేశాం, ఇక ఆవిడ గుండె తేలికపడుతుంది.

"వీళ్ళ తాతగారు అప్పలస్వామి. సింహాద్రి అప్పన్న పేరే ఆయనదీను. ఏడాదంతా చందనం పూతలో ఉండి అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూపం చూపించే ఆ స్వామిని తలుచుకుని ఆయన తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మనవడికి ఆ స్వామి కొండ పేరు వచ్చింది. తాతగారి పేరు ఇంట్లో నిలిచింది, పెద్దావిడ మొక్కు తీరింది. కోడలు పిల్ల మామగారి పేరు అనవలసిన ఇబ్బంది లేకుండా నోరారా పిలుచుకోవచ్చు.

"అమ్మాయీ, దేవుడి పేరుతో కొడుకుని తిట్టాలా అని అడిగావు. తిట్టవలసి వస్తే తిట్టు తల్లీ, తప్పేం లేదు. యశోదమ్మ దామోదరుణ్ణి రోటికి కట్టేసింది. ఆ కట్టేసిన తాడు వల్లే ఆయనకి ఆ పేరు వచ్చింది. నువ్వు పిలవడం మానకు, అంతే. బెంగళూరులో వీడికి స్నేహితులు ఏదో పొట్టి పేరు పెడతారు. పెట్టనీ. ఇంట్లో మాత్రం నువ్వూ వాడి నాన్నా సింహాద్రీ అనే పిలవండి. ఏడాదికోసారి కొండకి తీసుకువెళ్ళి, నీ పేరు ఈ స్వామిదే అని చూపించండి. వాడు పెద్దయ్యాక నమ్ముతాడో లేదో వాడి ఇష్టం. తనని ఎంత కోరుకుని కన్నారో మాత్రం వాడికి తెలియాలి.

"ఇంకొక్క మాట, ఇది బాబు తండ్రికి. పుట్టిన సంగతి ఇరవై ఒక్క రోజుల్లోపు నమోదు కావాలి. అది ఆసుపత్రివాళ్ళు చేసే ఉంటారు, కానీ పేరు గడి ఖాళీగా ఉండి ఉంటుంది. ఏడాదిలోపు పేరు రాయించుకుంటే రుసుము లేదు, ఆ తరువాత రుసుము కట్టి 15 ఏళ్ళ దాకా రాయించుకోవచ్చు. అంతదాకా ఆగకు. ఇవాళ బియ్యం మీద సింహాద్రి అని ఎలా రాశావో ఆ కాగితం మీదా ముందూ వెనకా ఏమీ చేర్చకుండా అలాగే రాయించు. ఇంగ్లీషు అక్షరాలు ఏవి వాడాలో ఇవాళే మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. బడిలోనూ, ఆధార్లోనూ, పాస్‌పోర్టులోనూ అవే అక్షరాలు ఉండాలి. వచ్చే వారం మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళిరా నాయనా."